కుక్కతో లాంగ్ హైక్: మన రాతి గుట్టల మీద ఎలా ప్రిపేర్ చేయాలి, నీళ్ళెన్ని మోయాలి, పాదాలెలా చూడాలి

మా కుక్క చిట్టి 12 కిలోమీటర్లు నడిచిందని చెప్పినప్పటినుంచీ చాలామంది ఒకటే అడుగుతున్నారు, మాది 3 కిలోమీటర్లకే కూర్చుండిపోతోంది, ఏం పెట్టాలి, ఏ బూట్లు కొనాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే వరుసగా రాస్తే మేలనిపించింది. చిట్టి మామూలు ఇండీ, అంటే మన నాటు కుక్కే, ఆడది, 4 ఏళ్ళు, 17 కిలోలు. మేం తిరిగేది హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టలు, పరుపు బండలు, మధ్యలో పొలం గట్లు, సర్కారు తుమ్మ చెట్లు. కాబట్టి నేను రాసేదంతా ఈ నేలకి, ఈ ఎండకి సరిపోయేది.

ముందు ఒక్క విషయం. కుక్క చాలాసార్లు అలసిపోయినా ఆగదు, మీరు నడుస్తున్నంతసేపూ మీ వెనకే వస్తూనే ఉంటుంది, అది ఆగిందంటే అప్పటికే లేటయినట్టు. అందుకే ఎంత దూరం, ఎప్పుడు వెనక్కి అనేది కుక్క మూడ్ చూసి కాదు, ఇంట్లో బయల్దేరకముందే మీరు తేల్చుకోవాలి. కింద చెప్పేవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

## 1. మీ కుక్క అసలు లాంగ్ హైక్‌కి పనికొస్తుందా

ఏడాది నిండని పిల్లని లాంగ్ హైక్‌కి తీస్కెళ్ళొద్దు. ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి, ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకైతే ఏడాదిన్నర వరకూ ఆగడమే మంచిది. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి లాంగ్ హైక్ మాట మర్చిపోండి. కుక్క ఒంట్లో వేడి బయటికి పోయేది ఎక్కువగా రొప్పడం వల్లే, వాటికి ఊపిరి దారే ఇరుకు. హస్కీలకి మన దగ్గర డిసెంబర్, జనవరి తెల్లవారుజాములు తప్ప వేరే టైమ్ లేదు.

మిగతా కుక్కల్ని కూడా మొదలుపెట్టే ముందు ఒకసారి వెట్‌కి చూపించండి. గుండె, కీళ్ళు, బరువు చూస్తారు. రేబిస్ టీకా డేట్ దాటకూడదు. కుంటల్లో, గుంటల్లో నీళ్ళు తాగే కుక్కలకి లెప్టో టీకా కూడా అడగండి. పిడుదులకి మందు, కొందరు గోమార్లు అంటారు, హైక్‌కి ముందే వేయాలి, ఎందుకంటే మన దగ్గర టిక్ ఫీవర్ చాలా కుక్కల్ని పడేస్తోంది.

## 2. ఫిట్‌నెస్: 10 వారాల ప్లాన్

రోజూ వీధిలో అరగంట తిరిగే కుక్కని ఆదివారం ఒక్కసారిగా 10 కిలోమీటర్లు నడిపించడం, నాకు తెలిసి అందరూ చేసే మొదటి తప్పు ఇదే. కండ, ఊపిరి కొన్ని వారాల్లో పెరుగుతాయి కానీ పాదాల కింద ప్యాడ్ గట్టిపడ్డానికి, కీళ్ళు అలవాటు పడ్డానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. కుక్క హుషారుగా ఉంది కదా అని దూరం పెంచితే ముందు దెబ్బతినేవి అవే.

మేం ఫాలో అయింది ఇది:

- 1, 2 వారాలు: రోజూ 30 నుంచి 40 నిమిషాలు, ఆదివారం మట్టి దారిలో 4 కిలోమీటర్లు.
- 3, 4 వారాలు: ఆదివారం 5 నుంచి 6. వారంలో ఒకరోజు ఏదైనా ఎత్తు మీద 15 నిమిషాలు ఎక్కి దిగడం.
- 5, 6 వారాలు: ఆదివారం 7 నుంచి 8, అందులో సగం బండల మీద.
- 7వ వారం: మళ్ళీ 5కి దిగాలి. ఇది మానొద్దు, ఒంటికి రిపేర్ టైమ్ ఇదే.
- 8వ వారం: 9.
- 9, 10 వారాలు: 10, ఆ తర్వాత 12.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి బండల మీద ప్రాక్టీస్‌కి ఖాజాగూడ గుట్టలు దగ్గర. పొద్దున్నే వెళ్తే నీడ ఉంటుంది, దూరం తక్కువ కాబట్టి ఏదైనా తేడా వస్తే పావుగంటలో రోడ్డు మీద ఉంటారు. పగిలిన గాజు పెంకులు మాత్రం చూస్కోండి.

తర్వాత వారం దూరం పెంచాలా వద్దా అన్నది ఆదివారం సాయంత్రం తేలదు, సోమవారం పొద్దున తేలుతుంది. కుక్క పడుకున్న చోటినుంచి లేచి వేసే మొదటి పది అడుగులు చూడండి. బిగుసుకున్నట్టు లేస్తే, వెనక కాళ్ళు ఈడ్చినట్టు ఉంటే, ఆ వారం పెంచొద్దు. ముందు కాలు కుంటుతోందో లేదో తెలీకపోతే తల చూడండి, నొప్పి ఉన్న కాలు నేలకి తగిలినప్పుడల్లా తల పైకి లేస్తుంది. అలా కనపడితే దూరం తగ్గించడం కాదు, పూర్తిగా రెస్ట్, రెండు రోజుల్లో తగ్గకపోతే వెట్.

## 3. ఎక్కడికి, ఎన్నింటికి

అభయారణ్యాలు, నేషనల్ పార్కులు, టైగర్ రిజర్వులు కుక్కతో వెళ్ళే చోట్లు కావు. వైజాగ్ కంబాలకొండ అయినా, నల్లమల వైపు అమ్రాబాద్ అయినా అంతే. కుక్క వాసనకే జింకలు బెదిరిపోతాయి, కుక్క రోగాలు అడవి జంతువులకి అంటుకుంటాయి, చిరుతకి కుక్క ఇష్టమైన వేట. శేషాచలం లాంటి చిరుతలు తిరిగే కొండల దగ్గర అడవి అంచుల్లో కూడా పొద్దు వాలాక కుక్కతో ఉండొద్దు. మామూలు రిజర్వ్ ఫారెస్ట్ అయినా ఫారెస్ట్ ఆఫీసులో ముందు అడిగి వెళ్ళండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క: అక్కడి నేషనల్ పార్కుల్లో చాలా ట్రెయిల్స్ మీదికి కుక్కని రానివ్వరు. వర్జీనియాలో షెనండోవా లాంటివి కొన్ని మాత్రం చాలా ట్రెయిల్స్ మీద ఒప్పుకుంటాయి, అదీ 6 అడుగులు మించని లీష్‌తో. పార్కు పేజీలో పెట్స్ అన్న చోట చదివాకే బయల్దేరండి.

ఇక టైమ్. ఇక్కడ సీజన్ నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వరకే. మార్చి నుంచి వానలు పడేదాకా లాంగ్ హైక్ లేదు, అంతే. సీజన్‌లో కూడా కాస్త వెలుతురు రాగానే నడక మొదలవ్వాలి, 9:30 కల్లా బండ దిగిపోవాలి.

బండ వేడి తెలుస్కోడానికి మీ అరచేయి వెనక వైపు బండకి ఆనించి 7 సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క దాని మీద నడవకూడదు. గాలి చల్లగా ఉందని మోసపోవద్దు, ఎండ తగిలిన గ్రానైట్ గాలికంటే చాలా ముందే వేడెక్కుతుంది, పైగా సాయంత్రం సూర్యుడు వాలాక కూడా చాలాసేపు ఆ వేడి వదలదు. సాయంత్రం హైక్ చల్లగా ఉంటుంది అనుకునేవాళ్ళు అందుకే దెబ్బతింటారు.

## 4. నీళ్ళ లెక్క

ఇంట్లో ఊరికే ఉన్న కుక్కకే రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. చిట్టికి అంటే సుమారు ఒక లీటర్. హైక్‌లో ఆ లెక్క సరిపోదు. 4 గంటల హైక్‌కి నేను దానికోసం 2 లీటర్లు మోస్తాను, నా నీళ్ళు కాకుండా. ఒకటిన్నర లీటర్ తాగడానికి, అర లీటర్ ముట్టుకోకుండా పక్కన. ఆ అర లీటర్ పాదం కోస్తే కడగడానికి, వేడెక్కితే ఒంటి మీద పోయడానికి. కార్లో ఇంకో 2 లీటర్లు ఉంటాయి.

మోయడం ఒకెత్తు, తాగించడం ఒకెత్తు. కొత్త చోట వాసనలు చూసే సందడిలో కుక్కలు గిన్నె వైపు కూడా చూడవు. ప్రతి అరగంటకీ ఆగాలి, నీడలో నిలబడాలి, గిన్నెలో 150 మిల్లీలీటర్లు పోసి పెట్టాలి. తాగకపోతే 2 నిమిషాలు కూర్చోండి, రొప్పడం కాస్త తగ్గాక తాగుతుంది. చిట్టి మొదట్లో మడత గిన్నె చూసి భయపడి వెనక్కి పోయేది, వారం రోజులు ఇంట్లో అందులోనే నీళ్ళు పెట్టాక అలవాటైంది.

ఒక్కసారే లీటర్ తాగించేసి పరిగెత్తించొద్దు, తాగింది తాగినట్టు కక్కేస్తుంది. గ్లూకోజ్ పొడి, మన ఎనర్జీ డ్రింకులు వద్దు, మామూలు నీళ్ళే చాలు. కుంటలో పచ్చగా నురగ కట్టిన నీళ్ళు అస్సలు తాగనివ్వద్దు. బాగున్న కుంటలోకి కూడా బండలు ఎక్కే ముందు దింపొద్దు, నానిన ప్యాడ్ మెత్తబడి గరుకు రాయి మీద త్వరగా లేచిపోతుంది.

వెనక్కి తిరగడానికి నా రూల్ ఇదే: తాగే నీళ్ళు సగం అయిపోయినా, బయల్దేరి 1 గంట 45 నిమిషాలు దాటినా, రెండింట్లో ఏది ముందు వస్తే అప్పుడు తిరుగుతాను. ముందు ఎంత మంచి వ్యూ ఉన్నా సరే.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తా. బయల్దేరే 2, 3 గంటల ముందు కొంచెం పెట్టండి, లేదా ముందురోజు రాత్రి భోజనంతోనే తీస్కెళ్ళండి. కడుపు నిండా తిని పరిగెత్తితే, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. దారిలో ఉడకబెట్టిన చికెన్ ముక్కలు చాలు. మీ డ్రైఫ్రూట్ ప్యాకెట్లో కిస్‌మిస్ ఉంటుంది, అది కుక్కకి విషం, కింద పడినా ఏరేయండి.

## 5. బ్యాగ్ చెక్‌లిస్ట్

- 2 లీటర్ల నీళ్ళు, మడత గిన్నె
- ఛాతీకి పట్టే హార్నెస్, 1.5 నుంచి 2 మీటర్ల మామూలు లీష్ (సాగే లీష్ తుమ్మ కంపల్లో చుట్టుకుంటుంది, వద్దు)
- గాజ్, దూది, దానికదే అతుక్కునే బ్యాండేజ్, ఒక పాత సాక్స్
- బెటాడిన్, చిన్న ప్లక్కర్, గుండ్రం మొన కత్తెర
- పాత చున్నీ లేదా దుప్పటి, కుక్కని మోయాల్సి వస్తే
- మలం తీయడానికి కవర్లు
- ఆ రూట్‌కి దగ్గరలో తెరిచి ఉండే వెట్ నంబర్, వాళ్ళ దగ్గర పాము విషానికి ఇంజెక్షన్ ఉందో లేదో ముందే అడిగి రాసుకున్నది

చున్నీ ఎందుకు అంటారేమో. 17 కిలోల కుక్కని చేతుల్లో బండల మీద 200 మీటర్లు కూడా దించలేరు. కడుపు కింద నుంచి తీసి భుజానికి కట్టుకుంటే దిగగలరు. ఇంట్లో ఒకసారి ఎత్తి చూడండి, కుక్కకీ అలవాటవుతుంది. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం లాంటివి చేయొద్దు, నడిపించకుండా మోసుకుని తిన్నగా వెట్ దగ్గరికే.

## 6. పాదాలు: ఎప్పుడు, ఎలా చూడాలి

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక హైక్. 10 దాటింది, ఇంకో అరగంటలో పై నుంచి దిగిపోతాం అనుకున్నా. చిట్టి ప్రతి పొద నీడలోనూ ఆగి కూర్చుంటోంది, రమ్మంటే వస్తోంది, మళ్ళీ తర్వాతి నీడలో కూర్చుంటోంది. అలిసింది అనుకుని నీళ్ళు పెట్టా, తాగింది. కిందికొచ్చాక ఎడమ ముందు పాదం ఆపకుండా నాకుతుంటే తిప్పి చూశా. పెద్ద ప్యాడ్ మీద చర్మం పాల మీద మీగడలా లేచి ఒక పక్కకి ముడుచుకుని ఉంది, కింద ఎర్రగా తడిగా పచ్చి మాంసం. మూడు వారాలు బయటికి తీస్కెళ్ళలేదు. నీడ నుంచి నీడకి అది నడవడమే నాకు చెప్పడం, నాకే అర్థం కాలేదు. అప్పటినుంచి ప్రతి నీళ్ళ బ్రేక్‌లో నాలుగు పాదాలూ చూడకుండా లేవను.

చూసే వరుస ఇది, మొత్తం 2 నిమిషాలు కూడా పట్టదు:

1. ప్యాడ్ మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. ఒక ప్యాడ్ మిగతావాటికంటే వేడిగా ఉన్నా, నున్నగా మెరుస్తున్నా, కాలు లాక్కున్నా, అక్కడ అరుగుడు మొదలైంది.
2. వేళ్ళ మధ్య సందులు విడదీసి చూడండి. పల్లేరు కాయలు, బట్టలకి గుచ్చుకునే గడ్డి ముళ్ళు, పిడుదులు అన్నీ దాక్కునేది అక్కడే.
3. గోళ్ళు, పక్కన పైకుండే బొటన గోరు. చీలిందా, మొదట్లో రక్తముందా.
4. మణికట్టు దగ్గర వాపు.

ముల్లు కనిపిస్తే వెంటనే లాగేయకండి, ఏ వైపు నుంచి దిగిందో చూసి అదే వైపు తిన్నగా ప్లక్కర్‌తో తీయాలి. తుమ్మ ముల్లు అడ్డంగా లాగితే మొన లోపలే విరుగుతుంది, నాలుగు రోజులకి చీము పడుతుంది. తీశాక నీళ్ళతో కడిగి, పల్చటి టీ రంగు వచ్చేలా బెటాడిన్ కలిపిన నీళ్ళు పోయండి.

ప్యాడ్ తెగినా, చర్మం లేచినా: ముందు కడగండి. వేలాడుతున్న చర్మాన్ని పీకొద్దు, కింద పచ్చి మాంసానికి అదే కవర్. వేళ్ళ మధ్య కొంచెం దూది పెట్టి, గాజ్ వేసి, పైన బ్యాండేజ్ చుట్టి, సాక్స్ తొడగండి. కట్టు కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. అరగంటకోసారి పైకి కనిపించే వేళ్ళు చూడండి, ఉబ్బినా చల్లబడినా కట్టు విప్పి మళ్ళీ కట్టాలి. తర్వాత నేరుగా దగ్గరి దారిలో వెనక్కి. మీ పెయిన్ కిల్లర్ మాత్ర మాత్రం కుక్కకి వేయొద్దు, బ్రూఫెన్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ ఫెయిల్యూర్ దాకా తీస్కెళ్తాయి.

బూట్ల గురించి అందరూ అడుగుతారు. బాగా పనికొస్తాయి కానీ హైక్ రోజు మొదటిసారి తొడిగితే రాపిడికి మణికట్టు దగ్గర పుళ్ళు పడతాయి. ఇంట్లో 5 నిమిషాలతో మొదలుపెట్టి రెండు మూడు వారాలు అలవాటు చేయండి. బూట్లున్నాయని వేడి బండ మీద తిప్పొద్దు, పాదం కాలకపోవచ్చు కానీ ఒళ్ళు వేడెక్కడం ఆగదు.

## 7. ఒళ్ళు వేడెక్కితే

కుక్క మామూలు టెంపరేచర్ 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, 41 దాటితే ప్రాణం మీదికి. గుట్ట మీద థర్మామీటర్ ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి నాలుక చూడండి. మామూలు రొప్పులో నాలుక సన్నగా ఉంటుంది, వేడెక్కుతుంటే చివర గరిటెలా వెడల్పై పొడుగ్గా వేలాడుతుంది. ఇది మొదటి గుర్తు, ఇక్కడే నీడలో ఆపేయాలి. తర్వాత ఉమ్మి చిక్కగా తీగలు సాగుతుంది, చికెన్ ముక్క పెట్టినా పట్టించుకోదు, చిగుళ్ళు ముదురు ఎరుపెక్కుతాయి, నడక తూలుతుంది, వాంతి.

రెండో దశకి వచ్చిందంటే ముందు చల్లబరచాలి, తర్వాతే మోసుకెళ్ళాలి. దాచిన అర లీటర్, మీ నీళ్ళు, ఏవైనా సరే కడుపు కింద, తొడల మధ్య, ఛాతీ మీద పోయండి, టోపీతోనో చొక్కాతోనో విసరండి, ఆగకుండా. తడి టవల్ కప్పి వదిలేయొద్దు, కాసేపట్లో అదే వేడెక్కి దుప్పటిలా అవుతుంది. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు. రొప్పు తగ్గి కోలుకున్నట్టు కనిపించినా అదే రోజు వెట్ దగ్గరికి వెళ్ళాలి, లోపల కిడ్నీకి తగిలిన దెబ్బ మరుసటి రోజు బయటపడుతుంది.

## 8. దారిలో ఎదురయ్యేవాళ్ళు

దారి మనది కాదు, రోజూ ఆ దారిలో పనికి వెళ్ళేవాళ్ళది. ఎవరు కనిపించినా ముందు లీష్ పొట్టిగా పట్టుకోండి, దారి దిగి పక్కకి నిలబడండి, కుక్కని వాళ్ళకి అవతలి వైపు కూర్చోబెట్టండి. వాళ్ళు వెళ్ళాక ఒక ముక్క పెట్టండి. ఇది వీధిలోనే నేర్పితే గుట్ట మీద తనంతట తనే చేస్తుంది. "మా కుక్క ఏం చేయదు రండి" అనొద్దు, చిన్నప్పుడు కుక్క కరిచినవాళ్ళకి ఆ మాటతో భయం పోదు. "పట్టుకున్నానమ్మా, మీరు వెళ్ళండి" అంటే చాలు.

మేకలు, గొర్రెల మంద: దూరం నుంచే ఆగి కాపరిని పిలవండి, "అన్నా, కుక్క ఉంది, ఎటు పోవాలె" అని. ఆయన చూపించిన వైపే వెళ్ళండి, మంద మధ్యలోంచి వెళ్ళొద్దు. ఒక్క మేక బెదిరితే మందంతా బండ మీద పరిగెడుతుంది, కాలు విరిగితే ఆయనకి నష్టం. ఒకసారి ఒక కాపరి తాత చిట్టి కూర్చోవడం చూసి దగ్గరికొచ్చి, పైన కుంట ఎండిపోయింది, అటు పోకండి నీళ్ళుండవు అని చెప్పాడు. అలాంటి సంగతులు ఏ మ్యాప్‌లోనూ ఉండవు.

ఆవులు, గేదెలు: దూడ ఉంటే వీలైనంత చుట్టు తిరిగి వెళ్ళండి. ఆవు మీదికొస్తే లీష్ వదిలేయాలి. అది తరిమేది కుక్కని, కుక్క తప్పించుకోగలదు, లీష్ పట్టుకుంటే మీరు కింద పడతారు.

ఊరి కుక్కలు: పరిగెత్తొద్దు, ఎదురెదురుగా ముఖాలు కలపనివ్వద్దు, వంపుగా చుట్టు తిరిగి నడుస్తూ ఉండండి. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, మీకైనా కుక్కకైనా అదే రోజు డాక్టర్.

కోతులు: తిండి కవర్లు బయటికి కనిపించొద్దు. పిల్ల కోతులుంటే వెనక్కి వెళ్ళి వేరే దారి.

సైకిళ్ళు, పరిగెత్తేవాళ్ళు, పిల్లలు: కుక్క వెంటపడేది కదిలేవాటినే. శబ్దం వినగానే కూర్చోబెట్టండి, మలుపు కనపడని చోట లీష్ పొట్టిగానే ఉండాలి.

## 9. ఇంటికొచ్చాక

కార్ దగ్గరే పాదాలు కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య ఆరనివ్వండి. తడిగా వదిలేస్తే అక్కడ ఫంగస్ వస్తుంది. తర్వాత పిడుదుల కోసం చెవుల లోపల, చంకల్లో, మెడ బెల్ట్ కింద, తోక మొదట్లో వేళ్ళతో తడమండి, కంటికంటే వేళ్ళకే ముందు దొరుకుతాయి. దొరికితే ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి, కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి, పిడుదు పీకిన తేదీ డాక్టర్‌కి చెప్పండి.

నేను ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకున్నా, హైక్‌కి నాలుగు లైన్లు. పోయిన డిసెంబర్‌ది ఇలా ఉంది: 12 కిలోమీటర్లు, 6:20కి మొదలు, 10కి కార్ దగ్గర, చివరి గంట మట్టి దారి. నీళ్ళు 1.2 లీటర్లు తాగింది. కుడి వెనక పాదంలో ఒక పల్లేరు కాయ. సోమవారం పొద్దున మామూలుగా లేచింది, ఒళ్ళు విరుచుకుంది, లీష్ వేలాడే మేకు దగ్గరికెళ్ళి నిలబడింది.